ముందు చిరునామా, తర్వాతే పేరు

ఉప్పల్ రింగు రోడ్డు నుంచి నాగోల్ మీదుగా బండ్లగూడ వైపు వెళ్తే తట్టిఅన్నారం దగ్గర కార్పొరేట్ భవన్ కనిపిస్తుంది. హైదరాబాద్ రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ కార్యాలయం అందులోనే ఉంది. ఉప్పల్, నాచారం వాళ్ళకు ఇది ఇంటి పక్క ఆఫీసే. అందుకే ఇక్కడ చిన్న కంపెనీ పెట్టాలనుకునేవాళ్ళు చాలామంది ఒక ఫైలు పట్టుకుని ముందు అక్కడికే వెళ్తారు, ఉత్త చేతులతో తిరిగి వస్తారు. కంపెనీ పుట్టుక ఇప్పుడు ఆ భవనంలో జరగదు. పేరు పరిశీలన 2016 జనవరి నుంచి, రిజిస్ట్రేషన్ దరఖాస్తు పరిశీలన ఆ తర్వాత కొద్ది నెలల్లోనే హరియాణాలోని మానేసర్‌కు వెళ్ళిపోయాయి. అక్కడి సెంట్రల్ రిజిస్ట్రేషన్ సెంటర్ దేశం మొత్తానికి ఈ పని చేస్తుంది. ధ్రువపత్రం చేతికొచ్చాక మాత్రం కంపెనీ బాగోగులన్నీ నాగోల్ ఆఫీసు చూసుకుంటుంది.

ఈ మార్పు వల్ల ఒక కొత్త ఇబ్బంది వచ్చింది. ఉప్పల్‌లో ఇంటి నంబర్లు ఎలా ఉంటాయో, తెలుగువాళ్ళ ఇంటిపేరు కార్డుల మీద ఎన్ని రకాలుగా పడుతుందో మానేసర్‌లో కూర్చున్న అధికారికి తెలియదు. ఆయన ముందు ఉండేవి మనం ఎక్కించిన కాగితాలే. ఒక కాగితంలో ఉన్నది ఇంకో కాగితంలో లేకపోతే ఆయన వెనక్కి పంపుతాడు. ఇన్నేళ్ళుగా ఈ దరఖాస్తులు నింపుతున్న అనుభవంతో చెబుతున్నాను, వెనక్కి వచ్చేవాటిలో ఎక్కువ వాటికి కారణం చట్టం తెలియకపోవడం కాదు, పనుల వరస తప్పడం. చట్టం వరసలో ముందు పేరు, ఆ తర్వాత చిరునామా వస్తాయి. చేయాల్సిన పని వరస దీనికి సరిగ్గా ఎదురు. ఎందుకో ఒక ఉదాహరణతో చెబితే తేలికగా అర్థమవుతుంది.

నాచారం పారిశ్రామికవాడలో అద్దె షెడ్డు, అందులో రెండు సీఎన్‌సీ లేత్‌లు. నడిపేది మేనమామ, మేనల్లుడు. ఇద్దరి ఇళ్ళూ ఉప్పల్‌లోనే. మామ పేరుతో సొంత సంస్థగా పదేళ్ళుగా జాబ్‌వర్క్ చేస్తున్నారు. ఒక పెద్ద ఖాతాదారు ఇకమీదట కంపెనీలకే ఆర్డర్లు ఇస్తామనేసరికి నా దగ్గరికి వచ్చారు. ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇద్దరు సభ్యులు, ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి. ఆ ఇద్దరే ఈ ఇద్దరూ కావచ్చు. ఒక్కరైనా ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు దేశంలో ఉండేవాళ్ళయి ఉండాలి. ఇద్దరూ నాచారం దాటి పోయేవాళ్ళు కాదు కాబట్టి ఆ చిక్కు లేదు. కనీసం లక్ష రూపాయల పెట్టుబడి ఉండాలన్న పాత నిబంధనను 2015లోనే తీసేశారు.

రావడం రావడమే పేరు గురించి అడిగారు. కరెంటు బిల్లు ఎవరి పేరు మీద ఉందని నేనడిగితే మామ నవ్వాడు. "మంచి పేరు దొరకాలె గాని సార్, కరెంటు బిల్లుదేముంది!"

ఉన్నదంతా ఆ బిల్లులోనే. పేరు ఆమోదం పొందితే అది మన కోసం అట్టిపెట్టి ఉండేది 20 రోజులు మాత్రమే. ఆ గడువులోగా చిరునామా పత్రాలు, సంతకాలు, మెమోరాండం అన్నీ కలిపి రెండో భాగం దాఖలు చేయాలి. కాగితాలేవీ సిద్ధం చేసుకోకుండా పేరుకు పరుగెత్తినవాళ్ళకు ఆ 20 రోజులూ కాగితాల వేటలోనే కరిగిపోతాయి. 40 రోజులకు పెంచుకోవాలంటే మరో 1000 రూపాయలు, అక్కడి నుంచి 60కి వెళ్ళాలంటే ఇంకో 2000 కట్టాలి. అరవై దాటితే పేరు పోయినట్టే, మళ్ళీ మొదటికే.

అందుకని మేం ముందు చిరునామా చూశాం. రిజిస్టర్డ్ ఆఫీసు అంటే ప్రభుత్వం పంపే ఉత్తరం అందుకునే చోటు. అది ఫ్యాక్టరీయే కానక్కర్లేదు, ఇల్లయినా చాలు. కావలసినవి మూడు: ఆ చోటు ఎవరిదో చెప్పే పత్రం లేదా అద్దె ఒప్పందం, యజమాని ఇచ్చే నిరభ్యంతర పత్రం, రెండు నెలలకు మించి పాతది కాని కరెంటు బిల్లో, టెలిఫోన్ బిల్లో, గ్యాస్ బిల్లో. మామకు నాచారం షెడ్డే పెట్టాలని పట్టుదల. ఖాతాదారు చూసేది అదే కదా అన్నాడు. కానీ షెడ్డు ప్లాటు ఎప్పుడో ఒకాయనకు కేటాయించినది, ఆయన పోయారు. అద్దె తీసుకునేది కొడుకు. కాగితాలు, కరెంటు మీటరు ఇంకా తండ్రి పేరు మీదే ఉన్నాయి. చనిపోయిన మనిషి నిరభ్యంతర పత్రం ఇవ్వలేడు. వారసత్వం మార్పించుకోకుండా కొడుకు ఇచ్చే సంతకం బిల్లు మీది పేరుతో కలవదు. ప్రభుత్వ పారిశ్రామిక సంస్థ కేటాయించిన ప్లాట్లలో అద్దెకు ఇవ్వడానికి అనుమతి ఉందా అన్నది ఇంకో ప్రశ్న. పారిశ్రామికవాడల్లో అద్దెకున్నవాళ్ళు షెడ్డు చిరునామాతో కంపెనీ పెట్టేముందు ఈ రెండూ షెడ్డు యజమానిని కాదు, కాగితాన్నే అడగాలి.

ఇక ఉప్పల్‌లోని మేనల్లుడి ఇల్లు. ఇల్లు వాళ్ళమ్మ పేరు మీద ఉంది, బిల్లు కూడా ఆమె పేరు మీదే వస్తోంది. ఇదే మేలు అనుకున్నాం. అప్పుడు ఆ బిల్లు తెప్పించి చూశాను. మీటరు చూసే మనిషి చేతి మిషన్ నుంచి చింపి ఇచ్చే పొడుగాటి చీటీ అది. వేడికి అచ్చు పడే కాగితం కాబట్టి నెలకే సగం మాసిపోయింది. సర్వీసు నంబరు కనిపిస్తోంది, పేరు సగం కనిపిస్తోంది, చిరునామా దగ్గర కాలనీ పేరు మాత్రం ఉంది, ఇంటి నంబరు లేనే లేదు. ఇలాంటి చీటీని ఫోన్‌తో ఫొటో తీసి ఎక్కిస్తే మానేసర్ నుంచి తిరుగు టపాలో వెనక్కి వస్తుంది. విద్యుత్ సంస్థ వెబ్‌సైట్‌లో సర్వీసు నంబరు కొట్టి బిల్లు దింపుకున్నాం. అందులో ఇంటి నంబరు ఉంది గాని పాత నంబరు. ఆస్తిపన్ను రసీదులో కొత్త నంబరు. ఈ రెండూ ఒకే ఇంటివని తెలియాలంటే నిరభ్యంతర పత్రంలో రెండు నంబర్లూ రాయాలి, పన్ను రసీదు కూడా జతచేయాలి. వాళ్ళమ్మ ఆ పత్రం మీద సంతకం పెడుతూ, "మా ఇంట్ల కంపెనీ పెడ్తున్రా?" అని రెండుసార్లు అడిగింది. పెట్టేది కంపెనీ చిరునామా మాత్రమే, మిషన్లు షెడ్డులోనే ఉంటాయని చెప్పాక గాని పెట్టలేదు. ఆమె అడగడం న్యాయమే. రేపు కంపెనీకి నోటీసు వస్తే ఆ గుమ్మంలోకే వస్తుంది.

ఇది ఉత్త మాట కాదు. రిజిస్ట్రార్‌కు అనుమానం వస్తే ఆ చిరునామాకు స్వయంగా వచ్చి తనిఖీ చేసే అధికారం ఉంది. ఆ తనిఖీ ఎలా చేయాలో 2022 ఆగస్టులో నిబంధన చేర్చారు. ఆ ప్రాంతానికి చెందిన ఇద్దరు సాక్షుల సమక్షంలో చేయాలి, ఫొటో తీయాలి, కంపెనీ ఇచ్చిన పత్రాలతో సరిపోల్చాలి. ఎవరూ లేని గదిని, ముక్కూమొహం తెలియని చిరునామాను పెట్టుకున్నవాళ్ళు చిక్కేది ఇక్కడే. మనిషి ఉండే ఇల్లు పెట్టుకోవడానికి ఇదీ ఒక కారణం.

రెండో పని సంతకాలు. ఈ దరఖాస్తుల్లో ఎక్కడా కలంతో పని లేదు. ఇద్దరికీ చెరొక మూడో తరగతి డిజిటల్ సంతకం కావాలి. చిన్న యూఎస్‌బీ టోకెన్‌లో వస్తుంది. ఇచ్చేముందు ఫోన్ కెమెరా ముందు మాట్లాడించి మనిషిని నిర్ధారించుకుంటారు. తెలుగువాళ్ళకు ఇక్కడ ఇంటిపేరు అడ్డుపడుతుంది. మేనల్లుడి పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఆధార్‌లో పొడి అక్షరం, పక్కన అసలు పేరు. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివరికి పోయింది. మన ఊళ్ళో ముగ్గురూ ఒకడేనని ఎవరైనా చెబుతారు. దరఖాస్తు మాత్రం పాన్‌లో ఉన్న పేరునే ప్రమాణంగా తీసుకుంటుంది, గుర్తింపు పత్రంలో అదే పేరు వెతుకుతుంది. అదృష్టంకొద్దీ అతని పాస్‌పోర్టులో పేరు పాన్‌లో ఉన్నట్టే ఉంది. ఆధార్ పక్కన పెట్టి గుర్తింపుకు అదే ఇచ్చాం. అలా కలిసే పత్రం ఏదీ లేకపోతే ముందు కార్డు సరిచేయించుకోవడం తప్ప దారి లేదు, దానికి పట్టే కాలం మన చేతిలో ఉండదు. ఆడవాళ్ళు డైరెక్టర్లయితే ఇంకొక మాట గుర్తుంచుకోవాలి. పెళ్ళయినా సరే ఫారంలో అడిగేది తండ్రి పేరే, భర్త పేరు కాదు.

ఇవన్నీ బల్ల మీద పెట్టుకున్నాకే పేరు జోలికి వెళ్ళాం. కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో SPICe+ అన్న దరఖాస్తు 2020 ఫిబ్రవరి నుంచి ఉంది. అందులో మొదటి భాగం పేరుకు. రుసుము 1000 రూపాయలు, తిరస్కరించినా తిరిగి రాదు. రెండు పేర్లు ఇవ్వొచ్చు. లోపం ఉందని వెనక్కి పంపితే సరిచేసి మళ్ళీ ఇచ్చుకునే అవకాశం ఒకసారి ఉంటుంది. పేరు, మిగతా దరఖాస్తు కలిపి ఒకేసారి కూడా పంపవచ్చు. అప్పుడు ఒక్క పేరే ఇవ్వాలి. పేరు మీద గట్టి నమ్మకం ఉంటే తప్ప ఆ దారి వద్దంటాను.

మామ మనసులో ఉన్నది ఇలవేల్పు పేరు. దేవుడి పేరుకు నేనెన్నడూ అడ్డు చెప్పను. కానీ పోర్టల్‌లో వెతికితే ఆ పేరుతో, ఆ వ్యాపారంతో ఇప్పటికే బారులు తీరిన కంపెనీలున్నాయి. అయితే వెనక నాచారం అని చేర్చుదామన్నాడు. కుదరదు. ఉన్న పేరుకు ఊరి పేరు తగిలించినంత మాత్రాన అది వేరే పేరు కాదని నిబంధన తేల్చి చెబుతుంది. అంకె చేర్చినా, మాటలు అటుదిటు చేసినా, ఏకవచనాన్ని బహువచనం చేసినా అంతే. ఇవన్నీ 2019లో ఉదాహరణలతో సహా రాసిపెట్టారు. మేనల్లుడు ఇంకో ఉపాయం చెప్పాడు. సంఖ్యాశాస్త్రం చూసే ఆయన Sri బదులు Shree, చివర ఇంకో a పెట్టమన్నాడట. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని విధాలుగానైనా రాయొచ్చు, కానీ చెవికి ఒకేలా వినిపిస్తే నిబంధన దాన్ని ఒకే పేరుగా లెక్కగడుతుంది. అదనపు అక్షరం జాతకానికి ఏం చేస్తుందో నాకు తెలియదు, మానేసర్‌లో మాత్రం ఏమీ చేయదు. పదేళ్ళుగా షెడ్డు మీద ఉన్న బోర్డు పేరు తమదే కదా అన్నది వాళ్ళ చివరి వాదన. సొంత సంస్థ బోర్డు కంపెనీ పేరు మీద హక్కు ఇవ్వదు.

ఒక మెలకువ ఉంది. ఉన్న పేరును హిందీలోకో ఇంగ్లీషులోకో అనువదించి పెట్టుకోవడం నిషిద్ధం. అందుకని అందరూ వాడే మాటల్ని వదిలి ఎవరూ తొక్కని తెలుగు మాట ఎంచుకుంటే పేరు దొరకడం తేలిక. కొండ పేరు, చేను పేరు, పనిముట్టు పేరు, పాత ఊరి పేరు, ఏదైనా సరే. వాళ్ళ సొంతూరి చెరువు పేరు ముందు పెట్టి, వెనక చేసే పనిని చెప్పే రెండు మాటలు చేర్చాం. వెతికితే ఎక్కడా లేదు. అది మొదటి ఎంపిక. దాన్నే కొంచెం మార్చి రెండోది ఇవ్వలేదు, పూర్తిగా వేరే మాట ఇచ్చాం. మొదటిది ఏ కారణంతో పోతుందో, దాని తమ్ముడూ అదే కారణంతో పోతాడు.

పేరు కొట్టేముందు ట్రేడ్‌మార్కుల రిజిస్టర్ కూడా చూడాలి. చాలామంది వదిలేసేది ఇదే. ఒకరి ట్రేడ్‌మార్కు, కనీసం నమోదుకు దరఖాస్తు పెట్టినది, మన పేరులో ఉంటే దాని యజమాని ఒప్పుకోలు కావాలి. పొరపాటున ఆమోదం వచ్చినా నిశ్చింత లేదు. ట్రేడ్‌మార్కు యజమాని మూడేళ్ళలోగా రీజినల్ డైరెక్టర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆ కార్యాలయం కూడా నాగోల్ కార్పొరేట్ భవన్‌లోనే ఉంది. మార్చమని ఆదేశిస్తే మూడు నెలల్లో పేరు మార్చాలి. మార్చకపోతే ORDNC అన్న అక్షరాలు, ఆదేశం ఇచ్చిన సంవత్సరం, క్రమసంఖ్య వంటివి కలిపి ప్రభుత్వమే ఒక పేరు పెడుతుంది. ఆదేశం పాటించలేదని దాని అర్థం. అలాంటి పేరుతో కొటేషన్ పంపితే ఏ ఖాతాదారు తీసుకుంటాడు?

పేరు ఆమోదం వచ్చాక రెండో భాగం నింపడానికి మాకు నాలుగు రోజులు చాలాయి, ఎందుకంటే కాగితాలన్నీ ముందే ఉన్నాయి. అధీకృత మూలధనం 10 లక్షలు అనుకున్నాం. ప్రస్తుతానికి పెట్టేది లక్ష: పది రూపాయల వాటాలు పదివేలు, మామకు ఆరువేలు, అల్లుడికి నాలుగువేలు. పదిహేను లక్షల దాకా కేంద్రానికి కట్టాల్సిన రిజిస్ట్రేషన్ రుసుము లేదు. రాష్ట్రానికి స్టాంపు సుంకం ఉంది. తెలంగాణలో మెమోరాండం మీద 500, ఆర్టికల్స్ మీద అధీకృత మూలధనంలో 0.15 శాతం, కనీసం 1000. మాకు అది 1500 అయింది. దరఖాస్తు మీద 20తో కలిపి మొత్తం 2020 రూపాయలు. పాన్, టాన్ రుసుములు చిన్నవి. పెద్ద ఖర్చంతా డిజిటల్ సంతకాలకు, ధ్రువీకరించే వృత్తి నిపుణుడి ఫీజుకు అవుతుంది. చార్టర్డ్ అకౌంటెంటు, కంపెనీ సెక్రటరీ, కాస్ట్ అకౌంటెంటు, అడ్వకేటు, వీళ్ళలో ఒకరు ధ్రువీకరించకుండా దరఖాస్తు ముందుకు పోదు.

మెమోరాండంలో మనసు పెట్టి రాయాల్సింది లక్ష్యాల పేరా. 1956 చట్టం కాలంలో ఇతర లక్ష్యాలు అని ఒక శీర్షిక ఉండేది. దాని కింద హోటళ్ళు, సినిమాలు, ఎగుమతులు అన్నీ కుక్కేవారు. 2013 చట్టంలో అది లేదు. మామ కోళ్ళఫారం కూడా రాయమన్నాడు. రాయలేదు. లోహపు విడిభాగాల తయారీ, జాబ్‌వర్క్, వాటికి అవసరమైన పనులు అంతవరకే రాశాం. ఆర్టికల్స్‌కు చట్టంలోని ఎఫ్ పట్టిక నమూనా చిన్న కంపెనీకి సరిపోతుంది. ఒక్కటే మార్చాం: వాటాలు బయటివాళ్ళకు అమ్మేముందు రెండో సభ్యుడికి చూపించాలన్న షరతు గట్టిగా రాశాం. బంధువుల మధ్య కంపెనీకి ఆ ఒక్క వాక్యం అవసరం.

దీనికి AGILE-PRO-S అన్న ఇంకో ఫారం జతపడుతుంది. అందులో జీఎస్టీ మన ఇష్టం, పీఎఫ్, ఈఎస్ఐ నమోదు, బ్యాంకు ఖాతా తప్పనిసరి. ఈఎస్ఐ అనగానే మామ ఉలిక్కిపడ్డాడు. ఉన్నది నలుగురు కుర్రాళ్ళు, ఇప్పుడే చందా కట్టాలా అని. నంబరు వస్తుందిగాని ఈఎస్ఐకి పదిమంది, పీఎఫ్‌కు ఇరవైమంది అయ్యేదాకా ఆ బాధ్యత మొదలుకాదు. జీఎస్టీలో ఉప్పల్ ఇంటిని ముఖ్యస్థానంగా, నాచారం షెడ్డును అదనపు వ్యాపారస్థలంగా చూపాలనుకున్నాం. షెడ్డు కాగితాలు సరిచేయించడానికి యజమాని కొడుక్కి ఆ పాటి వ్యవధి దొరికింది.

అయినా దరఖాస్తు ఒకసారి వెనక్కి వచ్చింది. వాళ్ళమ్మ ఇచ్చిన నిరభ్యంతర పత్రంలో ఉప్పల్ అని రాశాం, బిల్లులో ఉప్పల్ కలాన్ అని ఉంది. పిన్ కోడ్ ఒకటే, వీధి ఒకటే. నాకది చిన్న విషయం, చూసేవాడికి రెండు ఊళ్ళు. నా తప్పే. వెనక్కి వస్తే సరిచేసి పంపడానికి 15 రోజులు ఉంటుంది, అప్పటికీ లోపముంటే ఇంకో 15 రోజులు, అంతే. ఆ తర్వాత తిరస్కరణే. ఊరి పేరు బిల్లులో ఉన్నట్టే రాసి కొత్త పత్రం మీద సంతకం పెట్టించి మర్నాడే పంపాం.

ధ్రువపత్రం ఈమెయిల్‌లో వస్తుంది. కంపెనీ పేరు, పుట్టిన తేదీ, పాన్, టాన్, 21 అక్షరాల గుర్తింపు సంఖ్య అందులో ఉంటాయి. ఆ సంఖ్యను చదవడం తెలిస్తే ఏ కంపెనీ పుట్టుపూర్వోత్తరాలైనా చెప్పొచ్చు. మన డాక్టర్ రెడ్డీస్ సంఖ్య చూడండి: L85195TG1984PLC004507. మొదటి అక్షరం స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైనదని చెబుతుంది. తర్వాతి అయిదు అంకెలు పరిశ్రమవి, ఆపైన రాష్ట్రం, పుట్టిన సంవత్సరం, పబ్లిక్ కంపెనీ అన్న గుర్తు, చివర క్రమసంఖ్య. 1984 నాటికి తెలంగాణ రాష్ట్రం లేకపోయినా ఆ సంఖ్యలో తెలంగాణ అక్షరాలే ఉన్నాయి. మా మామా అల్లుళ్ళ దాంట్లో మొదటి అక్షరం U, మధ్యలో PTC.

పత్రం వచ్చిందని కంపెనీ పుట్టుక ప్రశ్నకు అతీతమైపోదు. 1956 చట్టంలో ఈ పత్రమే తుది సాక్ష్యమని ఒక సెక్షన్ ఉండేది. 2013 చట్టంలో అది లేదు. తప్పుడు సమాచారంతో, నిజం దాచి రిజిస్ట్రేషన్ పొందినట్టు తేలితే కంపెనీ లా ట్రిబ్యునల్ సభ్యుల బాధ్యతకు హద్దు తీసేయగలదు, కంపెనీని మూసేయమనగలదు. షెడ్డు కాగితాల్లో చనిపోయిన మనిషి సంతకం తెచ్చిపెట్టుకోకుండా ఉప్పల్ ఇంటికి మళ్ళడానికి అసలు కారణం ఇదే. వాటాలకు రాసుకున్న లక్ష రూపాయలు కంపెనీ ఖాతాలో పడ్డాయని 180 రోజుల్లోగా డిక్లరేషన్ ఇవ్వాలి. అది ఇవ్వకుండా వ్యాపారం మొదలుపెట్టకూడదు, అప్పు తేకూడదు.

చివరగా బోర్డు. కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా ఆఫీసు బయట, వ్యాపారం జరిగే ప్రతి చోటా రాయించాలని పన్నెండో సెక్షన్ చెబుతుంది. ఆ ప్రాంతంలో వాడే భాష లిపి వేరైతే ఆ లిపిలో కూడా ఉండాలి. కాబట్టి ఉప్పల్ ఇంటి గేటు మీద ఒకటి, నాచారం షెడ్డు మీద ఒకటి, రెండు బోర్డుల మీదా ఆ చెరువు పేరు తెలుగులో రాయించాం.